పేరు ఖాళీగా ఉందనుకునే ముందు: ట్రేడ్‌మార్క్ వెతకడం ఎలా

పచ్చళ్లో, పొడులో, చీరలో అమ్మడం మొదలుపెట్టే వాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది. "పేరు చెక్ చేశాం అండీ, ఎవరికీ లేదు." ఎలా చెక్ చేశారని అడిగితే, ట్రేడ్‌మార్క్ సైట్లో పేరంతా ఒకేసారి టైప్ చేశారు, ఒక్క ఫలితమూ రాలేదు, వెంటనే లేబుళ్లకు ఆర్డర్ ఇచ్చేశారు.

ఆ ఖాళీ పేజీ చెప్పింది ఒక్కటే: మీరు కొట్టిన ఆ స్పెల్లింగ్‌తో ఎవరూ లేరు. చట్టం అడిగే ప్రశ్న వేరు. రెండు పేర్లూ విన్న మామూలు కొనుగోలుదారు ఒకటనుకుని ఇంకొకటి కొంటాడా అని అది అడుగుతుంది. అంటే వెతకాల్సింది స్పెల్లింగ్ కాదు, చెవికి ఎలా వినిపిస్తుందో, మనసులో ఏం మిగులుతుందో అది. మన తెలుగు పేర్లకు ఈ తేడా మరీ ఎక్కువ. ఒకే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పదిమంది పది రకాలుగా రాస్తారు మరి.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడుద్దాం. తెనాలిలో ఒకావిడ ఇంట్లో పెట్టిన పచ్చళ్లు, కారప్పొడులు "చిట్టిజాడి" అనే పేరుతో అమ్మాలనుకుంటున్నారు అనుకోండి. పేరూ, కింద నేను చెప్పబోయే వెతుకులాట ఫలితాలూ అర్థం కావడానికి కల్పించినవే. పద్ధతి మాత్రం అచ్చంగా ఇదే.

ముందుగా ఒక అపోహ

"జీఎస్టీ ఈ పేరు మీదే ఉంది", "ఫుడ్ లైసెన్స్ వచ్చింది", "కంపెనీ పేరు అప్రూవ్ అయింది" అని చెప్పి ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. ఇవేవీ ఆ పేరును బ్రాండ్‌గా వాడుకునే హక్కు ఇవ్వవు. కంపెనీ పేరు వచ్చాక కూడా, అది తన ట్రేడ్‌మార్క్‌కు దగ్గరగా ఉందని ఆ మార్క్ యజమాని కంపెనీ పెట్టిన మూడేళ్లలోపు కేంద్రానికి ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీల చట్టం 16వ సెక్షన్ కింద పేరు మార్చుకోమని ఆదేశం వస్తే మార్చక తప్పదు. అంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో పేర్లు చూడటం ఒక పని, ట్రేడ్‌మార్క్ చూడటం ఇంకో పని. రెండూ చేయాలి. ఒకటి చేసి రెండోది అయిపోయిందనుకోవద్దు.

మీ సరుకు ఏ క్లాసులో పడుతుందో తేల్చుకోండి

ట్రేడ్‌మార్క్‌లను 45 క్లాసులుగా విడగొట్టారు. 1 నుంచి 34 వరకు వస్తువులు, 35 నుంచి 45 వరకు సేవలు. సైట్లో ఒకసారికి ఒక క్లాసులోనే వెతకడం కుదురుతుంది కాబట్టి ఈ నంబర్లు ముందే చేతిలో ఉండాలి.

ఇక్కడే మన పచ్చళ్లవాళ్లు బోల్తా పడతారు. ఊరగాయలు 29వ క్లాసు. కారప్పొడి, మసాలాలు, చట్నీలు 30వ క్లాసు. షాపులో పక్కపక్కన కూర్చునే సీసా, ప్యాకెట్టు రిజిస్టర్లో వేర్వేరు గదుల్లో ఉంటాయన్నమాట. సొంత కొట్టు గానీ ఆన్‌లైన్ షాపు గానీ పెట్టి పదిమంది సరుకూ అమ్మితే 35, టిఫిన్ సెంటరో కర్రీ పాయింటో పెడితే 43 కూడా చూడాలి. మన తెనాలి ఆవిడకు 29, 30 తప్పనిసరి. 35, 43 కూడా చూస్తే మంచిది.

పక్క క్లాసు ఎందుకు చూడాలంటారా? గ్లూకోవిటా అనే గ్లూకోజ్ పొడి, గ్లువిటా అనే బిస్కెట్లు. సరుకు ఒకటి కాదు. అయినా బిస్కెట్ల తయారీలో గ్లూకోజ్ వాడతారు, జనం రెండూ ఒకే సంస్థవి అనుకునే వీలుందని 1959లో సుప్రీంకోర్టు గ్లువిటాకు రిజిస్ట్రేషన్ నిరాకరించింది. గ్లూకోజ్‌కూ బిస్కెట్లకూ సంబంధం ఉందని కోర్టు అన్నాక, ఊరగాయకూ కారప్పొడికీ లేదని ఎవరూ అనలేరు కదా.

పేరును ముక్కలు చేయండి

సైట్ తెరవక ముందు ఒక కాగితం తీసుకోండి. నా లెక్కలో ఈ మొత్తం పనిలో విలువైన పదిహేను నిమిషాలు ఇవే.

చిట్టిజాడిలో రెండు ముక్కలున్నాయి, చిట్టి, జాడి. ఒక్కోదాన్ని ఇంగ్లీషులో ఎవరెవరు ఎలా రాస్తారో ఊహించి రాయండి. మనవాళ్లు అచ్చులను ఒకసారి సాగదీస్తారు, ఒకసారి వదిలేస్తారు. ద, డ, ధ అన్నిటికీ d, dh కలిపి వాడతారు. t పక్కన h పెట్టేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. న్యూమరాలజీ పేరుతో అదనంగా ఒక అక్షరం ఇరికించేవాళ్ల గురించి చెప్పనక్కర్లేదు.

```
CHITTI  CHITI  CHITTY  CHITTEE  CHITHI
JADI    JAADI  JADHI   JAADEE   JADY
```

తర్వాత అదే భావం వచ్చే మాటలు. చిట్టి అంటే బుజ్జి, చిన్ని, చిన్నారి. ఈ వరుస ఎందుకంటే, అర్థం ఒకటైనా గొడవ రావచ్చు. మయూర్ అనే పేరుతో ప్లాస్టిక్ సామాన్లు అమ్ముతుంటే ఇంకొకరు పీకాక్ అని పెట్టారు. రెండూ నెమలే. ఒక్క అక్షరం కూడా కలవని ఈ పేర్లు జనాన్ని తికమకపెట్టేంత దగ్గరివేనని ఢిల్లీ హైకోర్టు తేల్చింది. మీ పేరుకు అందరికీ తెలిసిన హిందీ, ఇంగ్లీషు మాట ఉంటే అదీ కాగితం మీద రాసుకోండి.

సైట్లో వెతకడం

`ipindia.gov.in` తెరిచి ట్రేడ్‌మార్క్స్ విభాగంలో పబ్లిక్ సెర్చ్‌కి వెళ్లండి. ఓటీపీ పంపి లోపలికి రానిస్తుంది. డబ్బులేమీ కట్టనక్కర్లేదు.

సెర్చ్ మూడు రకాలు: Wordmark, Vienna Code, Phonetic. Wordmark ఎంచుకుంటే మళ్లీ మూడు మార్గాలు కనిపిస్తాయి. Match With అంటే అచ్చంగా అదే పేరు. Starts With అంటే ఆ అక్షరాలతో మొదలయ్యేవి. Contains అంటే ఆ ముక్క పేరులో ఎక్కడున్నా సరే. మొదట్లో చెప్పిన ఖాళీ పేజీ ఎక్కువగా Match With పుణ్యమే. మీరు వాడాల్సింది Contains. కాగితం మీది ముక్కలను ఒక్కొక్కటిగా, ఒక్కో క్లాసులో వేయండి. పేరంతా కలిపి ఎప్పుడూ వేయొద్దు. మధ్యలో ఖాళీ ఉందా లేదా అన్న చిన్న తేడాకే ఫలితం తప్పిపోతుంది. ముక్క ఎంత చిన్నదైతే వల అంత పెద్దది. JAADI, JAADEE విడివిడిగా వేసే బదులు `JAAD` అని వేస్తే రెండూ పడతాయి, `CHIT` అంటే ఆ కుటుంబమంతా వస్తుంది. అక్కర్లేనివి కూడా వస్తాయి, వాటిని కళ్లతో జల్లెడ పట్టాల్సిందే.

ఆ తర్వాత Phonetic. ఇది ఉచ్చారణను బట్టి దగ్గరి పేర్లు తెస్తుంది. కానీ తెలుగు పలుకుబడి దానికి సరిగ్గా అందదు, తెచ్చినవాటిలో సగం ఎందుకు తెచ్చిందో కూడా తెలియదు. దాన్ని రెండో వలగా వాడండి, అది ఒక్కటే చాలనుకోవద్దు. Vienna Code బొమ్మల కోసం. లోగోలో జాడీ బొమ్మో కోడిపుంజో ఉంటే దాని కోడ్ పట్టుకుని వెతకాలి. పేరు మాత్రమే అయితే దీని జోలికి పోనక్కర్లేదు.

ఫలితాలు వచ్చాక ఒక్కోదాని వివరాలు తెరిచి నాలుగు సంగతులు రాసుకోండి: అప్లికేషన్ నంబర్, యజమాని, ఏ సరుకులకు అడిగారు, ఎప్పటినుంచి వాడుతున్నామని చెప్పారు. చివరిది User Detail దగ్గర ఉంటుంది. అక్కడ ఒక తేదీ గానీ, ఇంకా వాడలేదు, వాడబోతున్నాం అనే అర్థంలో `Proposed to be used` అని గానీ ఉంటుంది. ఈ తేదీ పని ఎంతో కాసేపట్లో తెలుస్తుంది.

స్టేటస్ చదివేటప్పుడు పొరబడే చోట్లు

Registered అంటే ఎర్రజెండా అని అందరికీ తెలుసు. తక్కినవాటిని పట్టించుకోకపోవడమే తప్పు. `Objected` అంటే తిరస్కరించారని కాదు. దరఖాస్తును పరిశీలించే ట్రేడ్‌మార్క్ ఆఫీసు ఎగ్జామినర్ అభ్యంతరం చెప్పాడు, దానికి జవాబిచ్చే అవకాశం ఉంది, ఆ అప్లికేషన్ బతికే ఉంది. `Opposed` అంటే ఇంకొకరు అడ్డుపడ్డారు, అదీ బతికే ఉంది. `Formalities Chk Pass` అంటే కాగితాలు సరిగ్గా ఉన్నాయనే తప్ప పేరు ఓకే అయిందని కాదు. ఇవన్నీ మీకన్నా ముందు క్యూలో ఉన్నాయి.

`Abandoned`, `Refused`, `Removed` చూడగానే హమ్మయ్య అనుకుంటాం. రిజిస్టర్ వరకు కొంత ఊరటే. కానీ రిజిస్ట్రేషన్ పదేళ్లకు ఒకసారి రెన్యువల్ చేయించాలి, మర్చిపోయినవాళ్లు గడువు దాటాక ఏడాదిలోపు తిరిగి పునరుద్ధరించమని అడగవచ్చు. పైగా అప్లికేషన్ వదిలేసినంత మాత్రాన వ్యాపారం వదిలేసినట్టు కాదు. ఆ పేరుతో సరుకు ఇప్పటికీ అమ్ముతున్నారేమో బజార్లో చూడాలి.

వచ్చినవాటిలో ఏది దగ్గర, ఏది దూరం

మన ఆవిడకు జల్లెడ పట్టాక మూడు మిగిలాయనుకుందాం.

29వ క్లాసులో "చిట్టెమ్మ పికిల్స్", Registered. 3వ క్లాసులో, అంటే తలనూనెలూ సబ్బుల క్లాసులో, `CHITI JADI`, Registered. 30వ క్లాసులో మసాలా పొడులకు `BUJJI JAADI`, Objected, 2016 నుంచి వాడుతున్నామని ఉంది.

చాలామంది మొదటిదాన్ని చూసి భయపడతారు, రెండోదాన్ని చూసి ఇంకా భయపడతారు, మూడోది రిజిస్టర్ కాలేదు గనక వదిలేస్తారు. సరిగ్గా తలకిందులన్నమాట.

చిట్టెమ్మ అంటే ఒక మనిషి పేరు. ఆ లేబుల్ చూస్తే ఎవరో పెద్దావిడ గుర్తొస్తుంది, జాడీ గుర్తురాదు. పికిల్స్ అన్నది సరుకు పేరు, అది ఎవరి సొత్తూ కాదు. పేర్లను ముక్కలుగా వెతుకుతాం గానీ పోల్చేటప్పుడు మొత్తంగా చూడాలి. అమ్మ, రుచి, ఆంధ్రా, ఫుడ్స్ లాంటి అందరూ వాడే ముక్కలు కలిసినంత మాత్రాన ప్రమాదం లేదు. అవి తీసేశాక మిగిలిన ముక్క కలుస్తోందా అన్నదే చూడండి.

రెండోది శబ్దంలో దాదాపు అదే. కానీ అది తలనూనె, జడీబూటీ అన్న అర్థంలో పెట్టిన పేరు. ఊరగాయ కొనేవాడు దానితో పొరబడే అవకాశం తక్కువ. ఒక క్లాసులో రిజిస్టరైతే లోకంలో ఉన్న సరుకంతటికీ హక్కు వచ్చేయదు. ఈ సంగతి మీద బెంగళూరు కేసు ఒకటి బాగా ఉపయోగపడుతుంది. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి "నందిని" పాలు అమ్ముతోంది. నందిని డీలక్స్ హోటళ్లు 1989 నుంచి నడుస్తున్నాయి, ఇంగ్లీషులో ఒక h మాత్రం ఎక్కువ. హోటల్ వాళ్లు తమ ఆహార పదార్థాలకు ఆ పేరు రిజిస్టర్ చేయమంటే సమాఖ్య అడ్డుపడింది. 2018లో సుప్రీంకోర్టు హోటల్ వాళ్ల పక్షాన నిలిచింది, పాలు, పాల పదార్థాలు మాత్రం వదులుకోవాలన్న షరతుతో. కానీ ఇది సుప్రీంకోర్టు దాకా వెళ్లాక వచ్చిన తీర్పు. కొత్తగా పచ్చళ్లు పెడుతున్నవాళ్లు అంత దూరం వెళ్లగలరా?

ఇంకో మినహాయింపు: దేశమంతా తెలిసిన పెద్ద బ్రాండ్లు. వాటిలో బాగా ప్రసిద్ధమైనవిగా గుర్తించినవాటి జాబితా రిజిస్ట్రీ సైట్లోనే ఉంటుంది. వాటికి క్లాసు గోడలు అడ్డు రావు. అలాంటి పేరును ఊరగాయకు కాదు, ఉప్పు బస్తాకు కూడా పెట్టుకోకండి.

ఇక మూడోది. బుజ్జిజాడికీ చిట్టిజాడికీ మొదటి ముక్కలో ఒక్క అక్షరం కలవదు. `CHITTI` అని వెతికితే దొరకనే దొరకదు. కానీ అర్థం ఒకటే, పేరు కట్టిన తీరు ఒకటే, పొడి ప్యాకెట్లు ఒకే అరలో ఉంటాయి. ఒక పని చేయండి. మీ పేరును ఇంట్లో ఎవరికైనా ఒకసారి ఫోన్లో చెప్పి, మర్నాడు కొట్టుకెళ్లి ఆ కారం తెమ్మనండి. "అదేదో జాడి కారం అండీ, చిన్న జాడి..." అని అడిగారా, షాపువాడు బుజ్జిజాడి తీసి చేతిలో పెడతాడు. 1962లో అమృతధార, లక్ష్మణధార మందుల కేసులో సుప్రీంకోర్టు చూసింది కూడా ఈ మనిషినే: రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడనివాడు, సగం సగం గుర్తుంచుకుని కొనేవాడు. "ధార" రెండిటికీ సామాన్యమే అయినా మొత్తం మీద పేర్లు మరీ దగ్గరని తేల్చింది.

చివర ఊరి పేరు తగిలిస్తే సరిపోతుందని సలహా ఇచ్చే బాబాయి ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. డీజిల్ ఇంజన్లలో రస్టన్ అనే పేరుకు పోటీగా ఇంకొకరు రుస్తుం ఇండియా అని పెట్టుకున్నారు. ఇండియా చేర్చినందువల్ల ఏమీ మారదని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. "చిట్టిజాడి తెనాలి" విషయంలోనూ అంతే.

దగ్గరి పేరు ఫైలు తెరిచి చదవండి

మీకు అనుమానం కలిగించిన అప్లికేషన్ నంబర్‌తో స్టేటస్ పేజీకి వెళితే `Uploaded Documents` అని ఉంటుంది. ఈ బటన్ నొక్కేవాళ్లు తక్కువ. అందులో ఎగ్జామినర్ రిపోర్టు, దానికి వాళ్లిచ్చిన జవాబు, వాడకానికి సాక్ష్యంగా పెట్టిన బిల్లులు ఉంటాయి.

బుజ్జిజాడి రిపోర్టులో ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ అని ఉంటే, పేరు సరుకునే వర్ణిస్తోందని అభ్యంతరం. జాడి అన్న మాటతో మీకూ అదే ఎదురవుతుందని ముందే తెలిసిపోతుంది. 11వ సెక్షన్ అని ఉంటే, దానికి దగ్గరగా ఉన్న పాత మార్కుల పట్టిక అక్కడే ఇస్తారు. ఆ పట్టిక మీ వెతుకులాటలో తప్పించుకున్న పేర్లను ఉచితంగా చూపిస్తుంది. అందులో ఉన్న ప్రతి పేరునూ తిరిగి వెతకండి.

రిజిస్టర్లో లేనివాళ్లు

మన దేశంలో రిజిస్టర్ చేయించకపోయినా ముందు నుంచి వాడుతున్నవాడికి హక్కుంది. మీకు సర్టిఫికెట్ వచ్చాక కూడా, మీకన్నా ముందు నుంచి వాడుతున్నట్టు నిరూపించగలిగితే ట్రేడ్‌మార్క్ చట్టం 34వ సెక్షన్ అతన్ని కాపాడుతుంది. తన పేరు చెప్పి మీరు సరుకు అమ్ముకుంటున్నారని మీ మీదే కేసు వేయవచ్చు కూడా. అందుకే ఆ వాడకం తేదీని రాసుకోమన్నది.

కాబట్టి అదే కాగితంతో గూగుల్, మ్యాప్స్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఆన్‌లైన్ షాపింగ్ సైట్లలో వెతకండి. ఇక్కడ తెలుగు లిపిలో కూడా కొట్టండి. ట్రేడ్‌మార్క్ సైట్లో ఇంగ్లీషు అక్షరాలతోనే పని, బజార్లో మాత్రం "చిట్టి జాడి" అని తెలుగులోనే పేజీ పెట్టుకున్నవాళ్లు ఉంటారు. పచ్చళ్లైతే అమెరికాకు పంపే వాట్సాప్ వ్యాపారులు బోలెడు. వాళ్లకు వెబ్‌సైట్ ఉండదు గానీ అయిదారేళ్ల కొరియర్ బిల్లులు ఉంటాయి, సాక్ష్యానికి అవి పనికొస్తాయి. ఎవరి లేబుల్ మీదైనా పేరు పక్కన TM అని ఉంటే రిజిస్టర్ అయిందని కాదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. వృత్తంలో R ఉంటేనే రిజిస్టరైనట్టు. రిజిస్టర్ కాకుండా అది వాడితే నేరం.

ఇప్పుడు ఏం చేయాలి

తెనాలి ఆవిడకు నేనైతే పేరు మార్చమనే చెబుతాను. బుజ్జిజాడి వాళ్లు 2016 నుంచి ఉన్నారు, సరుకు అదే, ఇంకా మన లేబుళ్లు అచ్చు కాలేదు. చిన్న సంస్థకు ఆన్‌లైన్ అప్లికేషన్ ఫీజు క్లాసుకు 4,500 రూపాయలు. రెండు క్లాసులకు 9,000. అభ్యంతరం వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి, దానికి వకీలు. అది దాటినా ట్రేడ్‌మార్క్ జర్నల్లో అచ్చయ్యాక నాలుగు నెలల్లోపు బుజ్జిజాడి వాళ్లు అడ్డుపడవచ్చు. పట్టుదలతో అదే పేరు కావాలంటే అప్లికేషన్ వేయకముందే ట్రేడ్‌మార్క్ అటార్నీకి ఈ ఫైలు చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవాలి.

కొత్త పేరు అనుకున్నాక ముక్కలు చేయడం నుంచి మళ్లీ మొదలు. వెతికిన ప్రతి పేజీనీ తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచుకోండి. రేపెవరైనా కావాలని కాపీ కొట్టారని అంటే, తెలిసి చేయలేదని చూపించడానికి అదొక ఆధారం. మొదటిసారి వెతికినదానికీ అప్లికేషన్ వేసేదానికీ మధ్య నెల గడిచిందంటే ఆ నెలలో వచ్చిన కొత్త అప్లికేషన్లు మీకు తెలియవు. అందుకని ఫీజు కట్టే రోజు పొద్దున ఇంకోసారి వెతకండి. ట్రేడ్‌మార్క్ జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది, మీ తర్వాత ఇంకెవరైనా మీ పేరుకు దగ్గరగా వస్తున్నారేమో చూసుకోవాల్సింది అక్కడే. అప్పుడు నాలుగు నెలల గడువు మీ చేతిలో ఉంటుంది.